“జర చూడుండ్రి” అంటే ఏం చూడాలె?

పీహెచ్‌డీ చేసే పిలగాండ్లు చాప్టర్ రాసి పంపినప్పుడు కింద ఒకటే మాట రాస్తరు. “అన్నా, జర చూడుండ్రి.” గైడ్‌కు గూడ అదే మాట, సీనియర్‌కు అదే, నా అసోంటోనికి అదే. నేను పీహెచ్‌డీ చెయ్యలే. కౌలు రైతుల సంఘంల తిరుక్కుంట సర్వేలు చేసి, రిపోర్టులు రాసి నేర్చుకున్నోన్ని. కౌలు మీద, అప్పుల మీద థీసిస్ రాసేటోళ్లు ఫీల్డు లెక్కలు సరిగున్నయా అని నాకు పంపుతుంటరు. అట్ల చూసుకుంట చూసుకుంట నాకు అర్థమైంది ఒక్కటే. “చూడుండ్రి” అన్న ఒక్క మాటల నాలుగు పనులున్నయి. భాష తప్పులు చూసుడు ఒకటి. వాదన నిలబడతదా చూసుడు ఇంకోటి. చెప్పిన ఆధారాలు నిజంగ అదే చెప్తున్నయా చూసుడు మూడోది. రాత సొంతందా, ఎవలదన్నా ఎత్తుకొచ్చిందా చూసుడు నాలుగోది. ఈ నాలుగు కలగాపులగం అయినకాడ్నే మన ఊర్ల పిలగాండ్లు దెబ్బతింటున్నరు.

ఇయ్యాల దీన్ని రాసుడెందుకంటే, ఆ నాలుగిట్ల ఒక్కదానికే చట్టం పండ్లున్నయి. 2018ల యూజీసీ కాపీని అడ్డుకునే నిబంధనలు తెచ్చింది. థీసిస్‌ల వేరేవాళ్ల రాతతోని పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 దాకా ఉంటే దిద్ది మళ్ల ఇయ్యాలె, దానికి గడువు ఆరు నెలలు మించొద్దు. 40 దాటి 60 దాకా ఉంటే ఏడాది దాకా దిద్దిన ప్రతి గూడ ఇయ్యనియ్యరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. 2019 సెప్టెంబర్ నుంచి ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ శోధ్‌శుద్ధి అని పథకం పెట్టి యూనివర్సిటీలకు పోలిక పట్టే సాఫ్ట్‌వేర్ ఇస్తున్నది. దాంతోని ఏమైందంటే, అందరి కండ్లు ఆ ఒక్క శాతం మీదనే పడ్డయి. గైడ్ ఎర్రపెన్నుతోని ఇంగ్లీషు దిద్దుతడు, మిషన్ శాతం చెప్తది. నడుమల ఉన్న వాదన, ఆధారం ఎవలు చూడాలె?

ఒక చాప్టర్ తీస్కొని చెప్త. రాసిన పిలగాణ్ని గుర్తుపట్టకుండ ఊర్లు చెప్తలేను, లెక్కలు గూడ జర మార్చిన. తెలుగు మీడియంల చదివి, సమాజశాస్త్రంల పీహెచ్‌డీ చేస్తున్న పిలగాడు. థీసిస్ ఇంగ్లీషుల రాస్తున్నడు. మూడో చాప్టర్, 38 పేజీలు. మూడు ఊర్లల్ల 60 మంది కౌలు రైతులను అడిగి రాసిండు. చాప్టర్ చెప్పేది ఇది: రైతుబంధు వచ్చినంక దానివల్లనే కౌలు రేట్లు పెరిగినయి.

ముందుగాల వాదన

శానమంది మొదటి పేజీ మొదటి లైన్ల స్పెల్లింగ్ తప్పు కాడ పట్టుకుంటరు. అది ఉల్టా పని. వాదన మారితే పది పేజీలు తీసేసుడే ఉండొచ్చు. తీసేసే పేజీలకు వ్యాకరణం దిద్దుడు కూలగొట్టే గోడకు సున్నమేసుడే.

వాదన చూసుడంటే ఏంది? చాప్టర్ ఏం చెప్తున్నదో ఒక్క వాక్యంల రాసుకోవాలె. ఆ వాక్యం నిలబడాలంటే ఏమేం నిజం కావాలెనో అడగాలె. ఇక్కడ వాక్యంల రెండు ముక్కలున్నయి. కౌలు పెరిగింది అన్నది ఒకటి. రైతుబంధు వల్లనే పెరిగింది అన్నది ఇంకోటి. మొదటిదానికి పిలగాని తాన ఆధారం ఉన్నది: 60 మందిల 41 మంది పెరిగిందన్నరు. రెండోదానికి ఏమున్నది? ఆయన రాసింది పథకం 2018 మేల మొదలైంది, కౌలు ఆ తర్వాతనే పెరిగింది అని. ఒకదాని తర్వాత ఇంకోటి వచ్చిందని మొదటిదే కారణం కాదు. 24 గంటల ఉచిత కరెంటు గూడ 2018 జనవరిలనే మొదలైంది. బోరున్న భూమికి గిరాకీ పెరుగుడు దానివల్ల గూడ అయ్యుండొచ్చు కదా?

జవాబు కోసం ఇంకో సర్వే చెయ్యాల్సిన పని లేకుండె. ఆయన పట్టికల్నే ఉన్నది. 60 మందిల 38 మంది నీళ్లున్న భూమి కౌలుకు చేస్తున్నరు, 22 మంది వాన మీద ఆధారపడ్డ చెలక చేస్తున్నరు. నీళ్లున్న 38 మందిల 33 మంది కౌలు పెరిగిందన్నరు. చెలక చేసే 22 మందిల ఎనిమిది మందే అన్నరు. రైతుబంధు నీళ్లున్న ఎకరానికి, చెలక ఎకరానికి ఒక్క తీరుగనే వచ్చింది. మొదట్ల పంటకు ఎకరానికి 4,000. పథకం ఒక్కటే కారణమైతే చెలకల గూడ కౌలు ఇంచుమించు అట్లనే పెరగాలె. పెరగలే. అంటే పెద్ద కారణం నీళ్ల దిక్కున్నది. పథకం పాత్ర లేదని గాదు, చెలకల పెరిగిన ఆ ఎనిమిది మందిని మళ్ల పోయి అడిగితే అది తెలుస్తది. కానీ “దానివల్లనే” అన్న మాటను ఈ లెక్క మోయదు.

ఇంకో జారుడు గూడ ఉన్నది. 60ల 41 అంటే 68 శాతం. చాప్టర్ ఆఖరుకు వచ్చేసరికి అది “తెలంగాణ కౌలు రైతులల్ల 68 శాతం” అయ్యింది. మూడు ఊర్లు తెలంగాణ కాదు. ఆ మూడు ఊర్లు గూడ చిట్టీ తీసి ఎంచినయి కాదు, తనకు తెలిసినోళ్లున్న ఊర్లు. “ఈ మూడు ఊర్లల్ల నేను కలిసిన 60 మందిల” అని రాస్తే ఎవ్వలూ కాదనలేరు. రాష్ట్రమంత అంటే నేల విడిచి సాము చేసినట్టే.

ఇదే పట్టికల ఇంకొక సంగతి అడుగున పడి ఉన్నది. పథకం పైసలల్ల పట్టాదారు తనకు కొంతన్నా ఇచ్చిండని చెప్పింది 60 మందిల ఇద్దరే. రైతుబంధు పట్టా పాస్‌బుక్కు ఉన్నోళ్లకే గాబట్టి ఇది వింత గాదు. కానీ దున్నేటోనికి రూపాయి చేరలే, నీళ్లొచ్చిన కాడ కౌలు మాత్రం పెరిగింది అన్నది గట్టి మాట. దానికి ఆయన తాన సొంత ఆధారం ఉన్నది. చాప్టర్ దాని మీద నిలబడాలె. ఆరు నెలలు ఎండల తిరిగి తెచ్చిన సరుకు 31వ పేజీల ఒక్క లైన్ల ఉన్నది. గైడ్ ఆ పేజీల కామా దిద్దిండు.

ఆధారం తెరిచి చూడాలె

రెండో పని ఆధారాలు. శానమంది ఆధారాలు చూసుడంటే ఆఖరున లిస్టు సక్కగున్నదా, ఏడాది బ్రాకెట్ల ఉన్నదా అని చూస్తరు. అది రూపం. అసలు ప్రశ్న వేరే: ఆ కాగితం నిజంగ ఆ మాట చెప్తున్నదా?

ఈ చాప్టర్ల ఒక వాక్యం ఉన్నది. 2011 చట్టం కౌలు రైతుకు భూమి మీద హక్కు ఇచ్చిందని. పక్కన చట్టం పేరు సక్కగ రాసి ఉన్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల వచ్చిన భూ అధీకృత సాగుదారుల చట్టం అది. తెరిచి చదివితే ఉన్నది ఉల్టా. ఆ చట్టం కింద ఇచ్చేది రుణ అర్హత కార్డు. ఏడాది పాటు చెల్లుతది. బ్యాంకు లోనుకు, పంట బీమాకు, పంట నష్టపరిహారానికి పనికొస్తది. భూమి మీద ఏ హక్కూ ఇయ్యదు. ఆ కార్డు ముచ్చటల పట్టాదార్లు భయపడ్డదే “రేపు హక్కు అడుగుతరేమో” అని. ఆ భయాన్ని పోగొట్టనీకే చట్టంల ఆ మాట పెట్టిన్రు. పిలగాడు చట్టం చదవలే, ఎక్కడ్నో వార్తల చదివి చట్టం పేరు పెట్టిండు. వైవాల ఎవలన్నా ఆ సెక్షన్ తీసి అడిగితే, చాప్టరంత మీద నమ్మకం పోతది.

ఇంకోటి చేతులు మారిన ఆధారం. కేంద్ర ప్రభుత్వ శాంపిల్ సర్వే 77వ రౌండ్, రైతు కుటుంబాల పరిస్థితి మీద 2019ల చేసింది. దాన్ని 2013ల చేసిన 70వ రౌండ్‌తోని పోల్చి రైతు కుటుంబాల లెక్క ఎట్ల మారిందో రాసిండు. అంకెలు ఇంకో థీసిస్‌లకెళ్లి తెచ్చుకున్నడు, కానీ పేరు సర్వేది పెట్టిండు. ఎట్ల తెలుస్తది? ఆ పాత థీసిస్‌ల తప్పు పేజీ నంబర్ ఉన్నది, ఈయన తాన గూడ అదే తప్పు నంబర్. ఒక్క తప్పు ఇద్దరికి ఒక్క తీరుగ వచ్చిందంటే ఒకలది ఇంకొకలు చూసిన్రని. అసలు రిపోర్టు తెరిస్తే ఇంకో సంగతి తెలుస్తుండె. 2013ల ఏడాదికి 3,000 మించి పంట విలువ ఉన్న ఇంటిని రైతు కుటుంబం అన్నరు, 2019ల ఆ గీత 4,000 చేసిన్రు. గీత జరిగినప్పుడు రెండు లెక్కలను పక్కపక్కన పెడితే ఆ మాట చెప్పి పెట్టాలె. పాత థీసిస్ చెప్పలే, గందుకే ఈయనకూ తెల్వలే.

దీనికి మందు ఒక్కటే. తను చదివిన కాగితానికే పేరు పెట్టాలె. అసలుది దొరకకపోతే “ఫలానావాళ్ల రాతల చూసిన” అని రాయాలె, అది చిన్నతనం కాదు. అన్ని ఆధారాలు తెరిచే టైం లేకపోతే, వాదన ఏ పది ఆధారాల మీద నిలబడ్డదో ఆ పదన్నా తెరవాలె.

34 శాతం అంటే ఎంత దొంగతనం?

ఇగ సొంత రాత ముచ్చట. పిలగాడు శానా భయపడ్డది దీనికే. మిషన్ 34 శాతం చూపెట్టింది. 34 శాతం కాపీ కొట్టిండని కాదు దాని అర్థం. 34 శాతం మాటలు ఇంకెక్కడో ఉన్న మాటలతోని కలిసినయి అని, గంతే. ఏ మాట ఎందుకు కలిసిందో మనిషే చూడాలె.

రిపోర్టుల రంగులేసిన తావులు ఒక్కొక్కటి విప్పినం. మోటుగ లెక్కేస్తే తొమ్మిది శాతం ఆఖరున ఉన్న పుస్తకాల లిస్టు. ఐదు శాతం చట్టం సెక్షన్లు ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాసినయి. ఎనిమిది శాతం ఆయన్నే ముందటేడు ఒక పత్రికల రాసిన వ్యాసం. మిగిలిన 12 శాతం నాలుగు పేరాలు: రెండు శోధ్‌గంగల ఉన్న పాత థీసిస్‌ల నుంచి, రెండు ఒక ప్రభుత్వ రిపోర్టు ముందుమాట నుంచి.

పుస్తకాల లిస్టు, చట్టాల పాఠం, ఆధారం చెప్పి కోట్ చేసిన మాటలు లెక్కల నుంచి తియ్యాలెనని యూజీసీ నిబంధనల్నే ఉన్నది. కానీ సాఫ్ట్‌వేర్ నడిపేటాయన ఆ గడులల్ల టిక్కు పెట్టకపోతే అయి గూడ కలుస్తయి. కాబట్టి లైబ్రరీల మొదటగాల అడగాల్సింది ఇదే: లిస్టు, కోట్లు తీసేసి నడిపిన్రా? తీసేస్తే ఈయన లెక్క దాదాపు 20కి దిగుతది. సొంత వ్యాసం ఎనిమిది శాతం దొంగతనం కాదు గని, దాచిపెట్టే వస్తువు గూడ కాదు. ఈ భాగం ఫలానా వ్యాసంగ ముందే అచ్చయిందని చాప్టర్ల రాయాలె, గైడ్‌కు చెప్పాలె. అసలు రోగం ఉన్నది ఆ 12 శాతంల.

ఆ నాలుగు పేరాలు నాకు మిషన్ చెప్పక ముందే కనబడ్డయి. పిలగాని ఇంగ్లీషు ఎగుడుదిగుడు బాట లెక్క ఉంటది, గుంతలుంటయి గని ఊరికి చేరుస్తది. ఆ నాలుగు కాడ ఒక్కసారే సిమెంటు రోడ్డు వచ్చింది. పొడుగు వాక్యాలు, ఆయన ఎన్నడూ వాడని మాటలు. మళ్ల రోడ్డు అయిపోయి గుంతలు మొదలు. రెండు పేరాల ఆఖరున ఆధారం పేరున్నది, కానీ కోట్ గుర్తులు లేవు. మాటలు అక్కడక్కడ మార్చిండు. పేరు పెట్టిన కదా అన్నడు. పేరు పెడితే ఆలోచన ఎవరిదో తెలుస్తది. మాటలు గూడ వాళ్లయే అని కోట్ గుర్తు చెప్తది. అది లేకపోతే చదివేటోడు ఆ మాటలు ఈయనయి అనుకుంటడు.

ఎందుకు చేసినవ్ బిడ్డా అని అడిగిన. “నా ఇంగ్లీషు బాగుండది గదన్నా, సారు ప్రతిసారి దానికే తిడ్తడు. వాళ్లు మంచిగ రాసిన్రు, మళ్ల నేను ఖరాబ్ చేసుడెందుకని” అన్నడు. ముడి మొత్తం ఈ మాటలనే ఉన్నది. మూడేండ్ల సంది ఆయనకు చెప్పింది భాష తప్పులు ఒక్కటే. గందుకే భాష తప్పు లేని పేరాలు తెచ్చి పెట్టిండు. వ్యాకరణం భయమే కాపీ దిక్కు నూకింది. నాలుగు పనులను కలిపి చూసినందుకు పడే మూల్యం గిది.

రెండో దిక్కు గూడ చెప్పాలె. శాతం తక్కువ వస్తే రాత సొంతమని కాదు. ఇదే చాప్టర్ల ఒక తెలుగు వ్యాసంలకెళ్లి ఇంగ్లీషులకు మార్చి రాసిన పేజీ ఒకటున్నది, మిషన్ దాన్ని పట్టలే. కౌలుదార్లను నాలుగు రకాలుగ విడగొట్టిన పద్ధతి ఇంకొకల పుస్తకంల నుంచి వచ్చింది, మాటలన్ని వేరే గాబట్టి అదీ పట్టలే. తెలుగుల రాసే థీసిస్‌లైతే ఇంకా ఘోరం. అను ఫాంట్లల్ల టైపు చేసిన ఫైలు మిషన్‌కు పిచ్చి అక్షరాల లెక్క కనిపిస్తది. స్కాన్ చేసి ఎక్కించిన పాత థీసిస్‌ల చదవనీకె అక్షరమే ఉండది, ఉత్త బొమ్మ. అక్కడ సున్నా వచ్చినా దానికి అర్థం లేదు. ఆలోచన ఎవలదో చూసేది మిషన్ కాదు, ఆ విషయం చదివిన మనిషి.

ఆఖరుకు భాష

ఇగ వ్యాకరణం. అక్కరలేదని అంటలేను. కానీ అన్ని తప్పులు ఒక్క తూకం కాదు. మొదటి పది పేజీలల్ల 60 దాక తప్పులు గుర్తుపెట్టినం. వాటిల అర్థం మార్చేటియి ఏడే. లెస్సర్ అంటే భూమి ఇచ్చేటాయన, లెస్సీ అంటే కౌలుకు తీస్కునేటాయన. రెండు తావుల అవి తారుమారైనయి. ఆ వాక్యం ప్రకారం అప్పు చేసింది పట్టాదారు! ఇంకో కాడ “కొంతమంది” అనాల్సినకాడ “అందరు” అని వచ్చింది. ఇయి చూడనీకె భాష తప్పులే, కానీ వాదనను పాడు చేస్తయి. వీటిని రాసినాయన పక్కన కూసోబెట్టుకొనే దిద్దాలె, నువ్వు అనదల్చుకున్నదేందని అడిగి. మనమే ఊహించి దిద్దితే తప్పు మీద తప్పు.

మిగిలిన 50కి పైన ఉన్నయి “ఏ”, “ద” పెట్టకపోవుడు, ఏకవచనం బహువచనం తప్పులు. అయి ఆఖరుకు ఎవలైనా ఒక పూటల దిద్దుతరు. ఒక్క జాగ్రత్త: కాపీ పేరాలు తేల్చక ముందు భాష దిద్దొద్దు. దిద్దితే సిమెంటు రోడ్డు, గుంతల బాట ఒక్క తీరుగ అయితయి. ఎత్తుకొచ్చింది ఏదో, సొంతం ఏదో తర్వాత రాసినాయనకే తెల్వకుండ పోతది. మసి పూసి మారేడుకాయ చేసినట్టే.

చూసేటోళ్లకు గూడ ఒక గీత ఉన్నది. “ఈ లెక్క ఈ మాటను మోస్తలేదు” అని చెప్పుడు సాయం. కొత్త మాట మనమే రాసిచ్చుడు సాయం కాదు, అప్పుడు ఆ రాత మనది అయితది. ఆ పిలగానికి నేను నీళ్లున్నయి, చెలకలు విడగొట్టి చూడుమన్న. పట్టిక చూసి ఏం రాయాల్నో ఆయన్నే రాసుకున్నడు. నాలుగు పేరాలు మూసి పెట్టి, చదివింది గుర్తుకు తెచ్చుకొని తన మాటలల్ల రాసిండు. రెండు పేరాలైతే అవసరమే లేదని తీసేసిండు.

అడగాల్సినోళ్లను అడుగుదాం

ఇదంత గైడ్ పని. ప్రొఫెసర్‌కు ఒకేసారి ఎనిమిది మంది, అసోసియేట్‌కు ఆరుగురు, అసిస్టెంట్‌కు నలుగురు స్కాలర్లకు మించి ఉండొద్దని యూజీసీ గీత గీసింది ఎందుకు? చదివి చెప్పే టైం ఉండాలెనని. సెమిస్టర్‌కు ఒకసారి పరిశోధన సలహా కమిటీ ముంగట స్కాలర్ తన పని చెప్పాలెనని 2022 నిబంధనల్ల ఉన్నది. ఆ మీటింగుల సంతకాలు పెట్టి చాయ్ తాగి లేసుడు కాదు, వాదన, ఆధారం, సొంత రాత, భాష అని నాలుగు గడులు గీసి దేనికదే రాసియ్యమని విద్యార్థి సంఘాలు అడగాలె. పోలిక రిపోర్టు థీసిస్ ఇచ్చే నాడు కాదు, చాప్టర్ చాప్టర్‌కు పూర్తిగ, రంగులతోని స్కాలర్ చేతికి ఇయ్యాలె. ఉత్త శాతం చెప్తే దిద్దుకునేది ఏందో ఎట్ల తెలుస్తది? ఇంట్ల మొదటిసారి డాక్టరేట్ దాక పోయిన పిలగానికి ఆరు నెలలు పోయినయంటే ఫెలోషిప్ గడువు గూడ పోతుండొచ్చు.

అప్పటిదాక చెల్లెండ్లు, తమ్ముండ్లు మీ చేతుల ఉన్నది ఇది. “చూడుండ్రి” అని ఉత్తగ పంపకుండ్రి. చాప్టర్ చెప్పేది ఒక్క వాక్యంల రాయుండ్రి. దానికి మీ తాన ఉన్న గట్టి ఆధారం ఏ పేజీల ఉన్నదో చెప్పుండ్రి. అసలు కాగితం తెరవకుండ పెట్టిన ఆధారాలు ఏవో, ఇంకొకల మాటలు దగ్గర పెట్టుకొని రాసిన పేరాలు ఏవో మీకే ముందు తెలుసు, వాటికి మీరే గీత గీసి పంపుండ్రి. ఆఖరుకు, భాష ఇప్పుడు దిద్దొద్దు, వాదన చూసినంక చెప్త అని రాయుండ్రి. అట్ల పంపితే చూసేటాయన కామాల ఎన్క దాక్కోలేడు.